సార్ గొంతుతో ఒక మెయిల్

మిర్చి సీజన్లో మా మేనేజర్ గారు ఆఫీసులో కనిపించేది తక్కువ. పొద్దున గుంటూరు యార్డులో, మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీలో. నిన్న వెళ్తూ వెళ్తూ "ఆ కంటైనర్ లేటు సంగతి బయ్యర్‌కి రాసి ఉంచమ్మా, చూసి పంపుతాను" అన్నారు.

ముందు రాసింది చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మొదటి పేరా అంతా క్షమాపణలే. ఆయన అలా రాయరు. అదే బయ్యర్‌కి ఆయన పంపిన పాత మెయిళ్లు ఓ ఆరు తెరిచాను. పలకరింపు ఒక్క ముక్క, రెండో లైన్లోనే అసలు విషయం, 'సారీ' ఉంటే ఒక్కసారి, చివర్లో తర్వాత జరిగేదేమిటో. నేనూ నాలుగు లైన్లకు కుదించాను. మిర్చిలో బూజు విషం ఉందేమో చూసే అఫ్లాటాక్సిన్ పరీక్ష రిపోర్టు రాలేదు, అది రాకుండా సరుకు కదలదు, శుక్రవారం లోడింగ్.

అచ్చం ఆయన రాసినట్టే ఉందని మురిసిపోయాను. సాయంత్రం ఫోన్. "శుక్రవారం అని నీకెవరు చెప్పారమ్మా? ల్యాబ్ మన చేతిలో ఉందా?"

నిజమే. వాక్యం ఆయనలా ముగియాలని తేదీ నేనే అల్లేశాను. అది వెళ్లుంటే ఆయన మాట ఇచ్చినట్టే లెక్క. దాన్ని "రిపోర్టు వచ్చిన రెండు రోజులకు లోడింగ్" అని మార్చారు.

ఇప్పుడు నాకు తెలియని చోట ఖాళీ వదిలి పసుపు రంగు పూస్తున్నాను, పైన "సార్, ఈ తేదీ మీరు చెప్పాలి" అని రాసి. బయ్యర్ అడ్రస్ కూడా పెట్టడం లేదు. చెయ్యి జారి సెండ్ నొక్కినా ఎక్కడికీ పోదు.

ఇవాళ్టి డ్రాఫ్ట్‌లో ఒక్క 'దయచేసి' కొట్టేశారు, అంతే.