హద్దుల బొమ్మ నుంచి గొలుసు కొలతకు: ఒక ఎఫ్‌ఎంబీని మళ్లీ గీస్తున్న పని, ఇప్పటివరకు

గుంటూరు వైపు ఒక మెట్ట పొలం పటాన్ని రెండు రకాలుగా గీసి పోల్చడం ఈ పని. ముందు పాత పద్ధతిలో హద్దుల బొమ్మ, తరువాత సర్వే వాళ్ల ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే ఎఫ్‌ఎంబీ పద్ధతిలో. కింది అంకెలు సాధన కోసం తీసుకున్నవి, ఎవరి పొలానివీ కావు.

హద్దుల బొమ్మ. దస్తావేజులో ఉన్న నాలుగు హద్దులే దీనికి ఆధారం: తూర్పున వాగు, దక్షిణాన ఫలానా వారి చేను, పడమర డొంక, ఉత్తరాన చెరువు కట్ట. కాగితం మీద పెడితే స్కేలు అంటూ ఏమీ రాదు. చెరువు ముఖ్యం కాబట్టి పెద్దదవుతుంది, గుడిని ఎదురుగా చూసినట్టు గోపురంతో నిలబెడతాం, పొలాన్ని మాత్రం పైనుంచి చూసినట్టు గీస్తాం. ఇది చేతకాని బొమ్మేమీ కాదు. ఊళ్లో వాళ్లకు ఏది ఎక్కడుందో ముందే తెలుసు, బొమ్మ గుర్తు చేస్తే చాలు. విస్తీర్ణాన్నీ అలాగే చెప్పేవారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో ఎన్ని ఖండికల ఆరికల విత్తనం పడుతుందో చెప్పి పొలం దానమిచ్చారు. నేల మారితే అదే విత్తనానికి పట్టే జాగా కూడా మారుతుంది. ఇలాంటి హద్దుకు సాక్షి ఊరే. పక్క చేను చేతులు మారి పాత పేరు తెలిసినవాళ్లు పోతే బొమ్మ పనికిరాదు.

గొలుసు పద్ధతి. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, అంటే 48.4 గజాలు. లక్ష చదరపు లింకులు ఎకరం. లెక్క ఇంత తేలిగ్గా తెగాలనే గొలుసును 66 అడుగులు చేశారు.

పొలంలో దూరంగా ఉన్న రెండు రాళ్ల మధ్య జి-లైన్, అంటే కొలతలకు ఆధారమైన గీత, వేస్తారు. దాని నుంచి పక్క రాళ్లకు లంబంగా కొలిచే దూరాలే ఆఫ్‌సెట్లు. మనది ఎ నుంచి బి వరకు 620 లింకులు. ఎడమ పక్క 180 దగ్గర 150, 450 దగ్గర 210 లింకుల ఆఫ్‌సెట్లు. కుడి పక్క 300 దగ్గర 160. ఏ4 కాగితం మీద గొలుసుకు 2 సెంటీమీటర్లు తీసుకుంటే జి-లైన్ 12.4 సెంటీమీటర్లు వస్తుంది. ఆఫ్‌సెట్లను సెట్ స్క్వేర్‌తో లంబంగా నిలిపి కొసలు కలపాలి.

ఎడమ పక్క ముక్కలు 13,500, 48,600, 17,850. కుడి త్రిభుజం 49,600. మొత్తం 1,29,550 చదరపు లింకులు, అంటే ఎకరా 29.55 సెంట్లు.

విస్తీర్ణం కుదిరింది కదా అని ఊరుకోకూడదు. కుడి ఆఫ్‌సెట్‌ను 300 దగ్గర కాకుండా 340 దగ్గర నిలిపినా వైశాల్యం అంతే వస్తుంది, రాయి మాత్రం ఎనిమిది మీటర్లు జరిగిపోతుంది. అందుకే గట్టు పొడవులు సరిచూడాలి. ఎ నుంచి ఎడమ మొదటి రాయికి 234 లింకులు రావాలి. నకలులో ఆ గట్టు మీద రాసిన అంకె అదే అయితే ఆ రాయి ఉండాల్సిన చోటే ఉన్నట్టు.

గట్టు పొడవులకు కూడా చిక్కని తప్పు ఇంకొకటుంది. జి-లైన్ మీది కొలతలను నిచ్చెన మెట్లలా రాసిన పట్టీని ల్యాడర్ అంటారు, దాన్ని కింద నుంచి పైకి చదవాలి. బి నుంచి మొదలుపెట్టి, ఎడమను ఎడమగానే ఉంచేస్తే పొలం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. వైశాల్యం, పొడవులు అన్నీ సరిపోతాయి. పక్క సర్వే నంబరును ఆనించినప్పుడే బయటపడుతుంది, ఉమ్మడి గట్టు వంపు కలవదు.

గొలుసు సాగితే మరో గొడవ. వాడకంలో కడియాలు అరిగి వంద లింకులు నిజానికి 101 అయితే ప్రతి పొడవూ తక్కువగా నమోదవుతుంది. మన పొలం అసలు విస్తీర్ణం ఎకరా 32.15 సెంట్లు, కాగితం మీద మాత్రం 29.55. తేడా 126 గజాలు. విజయవాడ చుట్టుపక్కల అయితే అదొక ఇంటి స్థలం.

రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడా రాళ్ల దగ్గర కంటే గీత లేనిచోటే ఎక్కువ కనబడుతుంది. ఎఫ్‌ఎంబీ సర్వే నంబర్ల వారీగా ఉంటుంది, ఆ నంబరు రిజిస్టర్‌లో పట్టాదారు పేరుకు, శిస్తుకు ముడిపడి ఉంటుంది. కౌలుదారుకు గీత లేదు. మేత బీడూ శ్మశానమూ పోరంబోకుగా నంబరెక్కి సర్కారు లెక్కలో చేరాయి. ఈ కాగితం బలం కొలతలో ఒక్కదానిలోనే లేదు. 1923 సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే ముగిసినట్టు ప్రకటన వెలువడ్డాక, సివిల్ కోర్టు డిక్రీ మార్చితే తప్ప, ఆ రికార్డు హద్దే ఖాయం. దావా వేయడానికి గడువు మూడేళ్లు. సాగిన గొలుసు కొలిచిన హద్దుకైనా ఇదే వర్తిస్తుంది.

మిగిలిన పని: పడమర నంబరును అదే స్కేలులో గీసి ఉమ్మడి గట్టు కలపడం. రెండు పటాల్లో ఆ గట్టు పొడవు లింకు, రెండు లింకులు తేడా వస్తే చేతి పొరపాటుగా వదిలేయవచ్చు. అంతకు మించితే ఏ పటం ఏ కాలం కొలతో ముందు చూడాలి, ఎందుకంటే కొన్ని లింకుల్లో, కొన్ని మీటర్లలో ఉంటాయి. లింకుకు 20.12 సెంటీమీటర్లు.