రెండు పాల ప్యాకెట్లు

అమ్మ మీద రాసిన కవితను నిన్న చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని అక్కకి చదివి వినిపించాను. "అమ్మ వెళ్ళాక నా గుండె..." అని ఊపిరి తీసుకునేలోపే అక్క "పగిలింది" అనేసింది. తర్వాత "కన్నీరు..." అనగానే "ఏరులై పారింది" అంది. వినేవాళ్ళకి ముందే తెలిసిపోయే మాటలో మా అమ్మ ఎక్కడుంది?

రాత్రి కూర్చుని మార్చాను. మొదట "కళ్ళు వర్షించాయి" అని రాశాను. ఏరు పోయి వాన వచ్చింది, అంతే. అందుకే పోలికలు వెతకడం ఆపి, ఆ వారం నిజంగా ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. అసలు నేను ఏడవనే లేదు. గుండె పగిలిన చోట ఇప్పుడు ఇలా ఉంది:

అలవాటుగా రెండు పాల ప్యాకెట్లు తెచ్చాను
ఒకటి ఫ్రిజ్‌లోనే ఉబ్బిపోయింది

కన్నీటి ఏరు ఉన్న చోట:

నీ కళ్ళద్దాల మీద పిండి వేలిముద్ర
తుడవబోయి ఆగిపోయాను

ఒక్క పాత మాట మాత్రం ఉంచేశాను. పిన్ని ఆ రోజు "దిక్కులేనివాళ్ళమైపోయామే అక్కా" అని ఏడ్చింది. అది నా వర్ణన కాదు, ఆమె నోట వచ్చిన మాట. దాన్ని కొత్తగా మారిస్తే అబద్ధమవుతుంది.

ఇవాళ అక్కకి మళ్ళీ చదివాను. పాల ప్యాకెట్ల దగ్గర ఆగితే, ఈసారి తను ఏమీ అనలేదు.