ఎవాల్యుయేషన్ పాసయ్యాను: నా ఒక్క పేజీ ప్లాన్ కథ

ట్రేడింగ్‌కి తన డబ్బిచ్చే కంపెనీ పెట్టిన ఫండెడ్ అకౌంట్ ఎవాల్యుయేషన్ పాసైనట్టు నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. రెండో ప్రయత్నంలో. చాలా సంతోషంగా ఉంది, ఆ ఊపులోనే రాస్తున్నాను. టార్గెట్, డైలీ లిమిట్, మ్యాక్స్ లాస్ అంటే ఏంటో మీకు తెలిసిందే. మొదటిసారి ఎలా పోయిందో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా ప్లాన్ పేజీ ఆ ఒక్క రోజులోంచే పుట్టింది.

అకౌంట్ 1,00,000. డైలీ లిమిట్ 5 శాతం, అంటే 5,000. ఆ రోజు పొద్దున బ్యాలెన్స్ 1,06,000, కాబట్టి 1,01,000 కిందకు దిగకూడదు. వరసగా మూడు ట్రేడ్లు పోయాయి, ఒక్కోదానికి వెయ్యి. పోయింది రాబట్టుకోవాలని నాలుగోదాంట్లో 2,000 రిస్క్ పెట్టాను. స్టాప్ తగిలినా సరిగ్గా 5,000 దగ్గర ఆగుతుందని నా లెక్క. ధర అసలు స్టాప్ దాకా రానేలేదు. లిమిట్ లెక్కేసేది మూసిన ట్రేడ్ల మీద మాత్రమే కాదు, ఈక్విటీ మీద, అంటే ఓపెన్‌లో ఉన్న నష్టం, కమిషన్, స్ప్రెడ్ అన్నీ కలిపి. గీత దాటగానే అకౌంట్ మూసేశారు. మొదలుపెట్టిన లక్ష కంటే ఇంకా దాదాపు వెయ్యి ఎక్కువే ఉంది, అయినా ఫెయిల్!

అందుకే ఈసారి పేజీ కింద నుంచి పైకి రాశాను, ముందు నష్టం లిమిట్, తర్వాతే ఎంట్రీ. వాళ్లు 5 శాతం ఇచ్చినా నాది 2 శాతమే, అంటే 2,000. ఒక్కో ట్రేడ్‌కి రిస్క్ 500. అసలు విషయం ఏంటంటే, ఈ లిమిట్ నష్టం వచ్చాక చూసుకునేది కాదు, ఆర్డర్ పెట్టే ముందు చూసుకునేది. ఈ రోజు పోయింది, ఇప్పుడు ఓపెన్‌లో ఉన్న ట్రేడ్ల స్టాపులన్నీ తగిలితే పోయేది, కొత్త ట్రేడ్ పూర్తి రిస్క్, ఖర్చులు, ఈ నాలుగూ కలిపి 2,000 దాటితే ఆర్డర్ లేదు. ఉదాహరణకి ఓపెన్ ట్రేడ్లేవీ లేవు, పొద్దుట్నుంచి 1,200 పోయింది. కొత్తదానికి 500, ఖర్చులకి 50 వేస్తే 1,750, పెట్టొచ్చు. అదీ పోతే తర్వాతదానికి లెక్క 2,300 అవుతుంది, కాబట్టి స్క్రీన్ మూసేయడమే, మీ దగ్గర ఇంకా 250 మిగిలున్నా సరే.

ఎంట్రీ రూల్ దగ్గరే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. మొదట "ట్రెండ్ బాగుండి పుల్‌బ్యాక్ వస్తే కొనాలి" అని రాసుకున్నాను, బాగానే ఉందనిపించింది. ఒక ఫ్రెండ్‌కి ఆ పేజీ, పాత చార్టులో 20 చోట్లు ఇచ్చి, ఎక్కడ కొనాలో టిక్ పెట్టమన్నాను. నేనూ విడిగా పెట్టాను. కలిసినవి 11 మాత్రమే. తేడా వచ్చిన చోట్లన్నీ ఒకటే ప్రశ్న: ధర యావరేజ్‌ని తాకితే పుల్‌బ్యాకా, కింద క్లోజ్ అయితేనా? నాకే తెలియదు, ఆ రోజు మూడ్‌ని బట్టి పోతున్నాను. తిరగరాశాను: గంట చార్టులో ధర 50 ఈఎంఏ పైన ఉండాలి, 15 నిమిషాల చార్టులో క్యాండిల్ కనిష్ఠ ధర 20 ఈఎంఏని తాకాలి, తర్వాతి క్యాండిల్ ఆ తాకిన క్యాండిల్ హై పైన క్లోజ్ అవ్వాలి, అప్పుడే కొనడం. మళ్లీ ఇస్తే 19 కలిశాయి.

ఎగ్జిట్ తేలిక. స్టాప్ ఆ పుల్‌బ్యాక్ కనిష్ఠ ధరకి కింద, టార్గెట్ రిస్క్‌కి రెండింతలు, రెండూ ఆర్డర్‌తోపాటే పెట్టాలి, స్టాప్‌ని దూరం జరపడం లేదు. సెషన్ ముగిసేలోపు ఏదీ తగలకపోతే మూసేయడం. సైజ్ కూడా ఇక్కడే వస్తుంది: స్టాప్ 25 పాయింట్లుంటే 500ని 25తో భాగించాలి, పాయింట్‌కి 20. స్టాప్ దూరమైతే సైజ్ తగ్గుతుంది, రిస్క్ పెరగదు.

2 శాతం మరీ తక్కువని కొందరన్నారు. నిజమే, రెండు రోజులు నేను ఆపేశాకే మార్కెట్ నేననుకున్నట్టు వెళ్లింది, చాలా బాధేసింది. కానీ నాలుగో ట్రేడ్ పెట్టిన ఆ రోజు కూడా నేను ఇలాగే, ఇది కచ్చితంగా వెళ్తుందనే అనుకున్నాను కదా! మీ స్ట్రాటజీకే లాభం లేకపోతే ఈ పేజీ దాన్ని బాగుచేయదు, అది బ్యాక్‌టెస్ట్‌లో ముందే తేల్చుకోండి. ఇంకోటి, మధ్యలో రూల్ మార్చకండి. మార్చాలనిపించింది పేజీ వెనక రాసుకుని, 20 ట్రేడ్లయ్యాక చూడండి. నేను అలా వెనక ఏడు రాసుకున్నాను, ఒకటే ముందుకొచ్చింది: పెద్ద న్యూస్‌కి 15 నిమిషాల ముందూ వెనకా ఆర్డర్ లేదు.