పన్నెండు నిమిషాలు ఎక్కువ

వలస వచ్చిన ఈ దేశంలో నా ఉద్యోగంలో సగం ఇతరుల సెషన్ల గురించి వినడమే. ట్రైనీ కౌన్సెలర్లు సూపర్విజన్ లేకుండా క్లయింట్లను చూడకూడదు. వాళ్ళు గదిలో జరిగింది తెచ్చి నా ముందు పెడతారు. నేను వింటాను, అడుగుతాను, చివర్లో నోట్స్ రాసిస్తాను. తెలుగు వచ్చిన సూపర్వైజర్లు తక్కువ కాబట్టి, తెలుగు కుటుంబాలతో పనిచేసే ట్రైనీలు నా దగ్గరికి వస్తుంటారు. ఇక్కడ చెప్పే కేసు ఏ ఒక్కరిదీ కాదు. కొందరివి కలిపి, ఆనవాళ్ళు తీసేసి రాస్తున్నాను.

ట్రైనీకి ముప్పై ఏళ్ళుంటాయి. తల్లిదండ్రులను వదిలి చదువుకోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది. క్లయింట్ భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన పెద్దాయన. వాళ్ళు మాట్లాడుకునేది తెలుగులో. సెషన్ యాభై నిమిషాలు. మిగతా క్లయింట్లందరికీ సరిగ్గా యాభై దగ్గర ముగించే అమ్మాయి, ఈయన దగ్గర మాత్రం అరవై రెండుకు వెళ్తోంది. సెషన్ రికార్డులో మొదలు, ముగింపు వేళలు రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఏ క్లయింట్ దగ్గర టైము జారుతోందో చూస్తే, కౌన్సెలర్ లోపల ఏదో కదిలిందని తెలిసిపోతుంది.

"పాపం పెద్దాయన, మేడమ్. తలుపు దాకా వెళ్ళి అప్పుడు చెప్తారు అసలు విషయం. ఎలా పొమ్మంటాను?" అంది.

ఆ వారం తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆయన అన్న మాట ఇది: "మావాడు నన్ను వెనక్కి పంపించేద్దామని చూస్తున్నాడమ్మా." ఈ అమ్మాయి మళ్ళీ కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు. మన వృత్తిలో ఇలా వెళ్ళేముందు పడే మాటలు చాలా మామూలు. చెప్పాలని ఉంటుంది, చెప్పాక ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే భయం. అందుకే పారిపోయే దారి పక్కన ఉన్నప్పుడు చెప్తారు. ఆ మాటకు సెషన్ పొడిగించామంటే, అసలు సంగతులన్నీ యాభై నిమిషాల తర్వాతే చెప్పాలని వాళ్ళకు మనమే నేర్పినట్టు.

అయితే ఆ రోజు నాకు కావలసింది ఆయన కాదు, ఈ అమ్మాయి. క్లయింట్ పట్ల కౌన్సెలర్‌లో పుట్టే భావాలను కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. 1910లో ఫ్రాయిడ్ దీన్ని వైద్యుడు గుర్తించి అదుపులో పెట్టుకోవాల్సిన విషయంగా చూశాడు. 1950లో పౌలా హైమన్ అనే మనోవిశ్లేషకురాలు దాన్ని తిరగేసింది: నీలో పుట్టింది క్లయింట్ లోపలి సంగతి తెలిపే ఆధారం కూడా కావచ్చు అంది. ఆమె బెర్లిన్ వదిలి లండన్ చేరిన మనిషి. కౌన్సెలర్ భావాల్లో రెండు రకాలను విడదీసి చెప్పిన హైన్‌రిక్ రాకర్ కూడా వియన్నా నుంచి అర్జెంటీనాకు పారిపోయినవాడే. పరాయి దేశంలో ఎదుటి మనిషి నీలో ఏం రేపుతున్నాడో గమనించుకుంటూ బతకడం వాళ్ళకు కొత్తేమీ కాదేమో అనిపిస్తుంది నాకు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఈ జాలి ఎవరిది అని. నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ భావం పెద్ద వయసు క్లయింట్లందరి దగ్గరా వస్తుందా, ఈయన దగ్గరేనా? ఆయన గదిలోకి రాకముందే ఉందా, మధ్యలో మొదలైందా? అందరి దగ్గరా, ముందునుంచే ఉంటే అది ఎక్కువగా నీ ఇంటి సంగతి. దాన్ని నీ సొంత థెరపీకి తీసుకెళ్ళాలి. ఈ ఒక్కరి దగ్గరే, ఒక ఘడియలో మొదలైతే ఆ ఘడియను పట్టుకుని చూడాలి. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.

"నలభయ్యో నిమిషంలో ఏమైంది?" అన్నాను.

కాసేపు ఆగింది. "గడియారం చూశాను."

"ఎందుకు?"

"అదే కథ మళ్ళీ మొదలుపెట్టారు. కోడలు, టీవీ సౌండు..." నాలుక కరుచుకుని, "విసుగొచ్చింది మేడమ్" అంది.

దొరికింది. విసుగు వచ్చింది, తండ్రి వయసు మనిషి మీద విసుక్కున్నానే అని సిగ్గేసింది, ఆ సిగ్గుకు కట్టిన జరిమానా పన్నెండు నిమిషాలు. పైకి దయలా కనిపించింది. రాకర్ చెప్పిన రెండో రకం ఇదే: క్లయింట్ బాధను మనం పడటం కాదు, క్లయింట్ జీవితంలో ఎదుటిపాత్ర మనకు తగులుకోవడం. కొడుకు చేస్తున్నదీ ఇదే. విసుక్కుంటాడు, తర్వాత ఏదో ఒకటి కొని తెస్తాడు. గదిలో ఈమె తెలియకుండానే ఆ కొడుకైంది.

బౌండరీల సంగతి ఇక్కడే వస్తుంది. ఆయన ఒక ఫారం తెచ్చి నింపిపెట్టమన్నాడట, ఈమె ఒప్పుకుందట. హద్దు కొంచెం దాటడానికి, హద్దును చెరపడానికి తేడా ఉంది. కళ్ళజోడు మర్చిపోయిన మనిషికి ఒక లైను చదివి పెట్టడం నేరమేమీ కాదు. కానీ ఇది మిగతా క్లయింట్లకూ చేస్తావా, రికార్డులో రాయగలవా, నాతో చెప్పడానికి తటపటాయించావా? మూడో ప్రశ్నకు తల దించుకుంది. ఫారాన్ని సంస్థలో ఆ పని చూసేవాళ్ళకు అప్పగించమన్నాను. సొంత ఫోన్ నంబరు గురించి చర్చే లేదు, ఇవ్వకూడదు.

ముగింపుకు మేం కుదుర్చుకున్న పద్ధతి ఇది. గడియారం ఇద్దరికీ కనబడేచోట పెట్టాలి. పది నిమిషాలు ఉండగా "ఇంకో పది నిమిషాలుంది, ఈ రోజు చెప్పకుండా మిగిలిపోతున్నది ఏమైనా ఉందా?" అని అడగాలి. ఆఖరి అయిదు నిమిషాల్లో కొత్త ప్రశ్న వేయకూడదు. తలుపు దగ్గర మాట పడితే నిలబడే ఉండాలి, మళ్ళీ కూర్చోకూడదు: "ఇది పెద్ద విషయం. ఇప్పుడు హడావిడిగా మాట్లాడితే బాగుండదు. వచ్చే వారం దీనితోనే మొదలుపెడదాం." తర్వాతి వారం ఆయన మర్చిపోయినట్టు కూర్చున్నా, ఈమే గుర్తుచేయాలి. దీనికి ఒక్క మినహాయింపు. చనిపోవాలనుందనిగానీ, ఎవరికైనా ప్రమాదం ఉందనిగానీ అంటే యాభై నిమిషాల లెక్క పక్కన పెట్టేయాలి. ఆలోచనేనా, ప్రణాళిక ఉందా, ఇవాళ ఇంట్లో తోడు ఎవరున్నారు అని నేరుగా అడగాలి, అప్పటికప్పుడు నాకో డ్యూటీలో ఉన్నవారికో ఫోన్ చేయాలి.

ఆ తర్వాతి సెషన్‌ను ఈ పద్ధతి ప్రకారమే ముగించింది. ఆపై వారం ఆయన ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యాన్ని చివర్లో పూడ్చాలా అని ఈమె నన్ను ముందే అడిగి ఉంది; వద్దన్నాను. మిగిలిన ముప్పై నిమిషాలూ దాదాపు మౌనం. ఆఖర్న ఆయన అన్నాడట, "మావాడూ ఇంతే. తర్వాత మాట్లాడదాం నాన్నా అంటాడు."

ట్రైనీలు ఇక్కడ కంగారుపడి క్షమాపణ చెప్పేస్తారు. ఈ అమ్మాయి చెప్పలేదు. "పోయిన వారం నేను ఆపినప్పుడు మీ అబ్బాయి గుర్తొచ్చాడన్నమాట. నా మీద కోపం వచ్చిందా?" అంది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "రాదా మరి!" అన్నాడు. అన్ని వారాల్లో ఆయన ఎవరి మీదా కోపం ఉందని ఒప్పుకోవడం అదే మొదటిసారి. కొడుకుతో ఆ మాట ఎప్పుడైనా అన్నారా అని అడిగేలోపు టైమైంది. ఆయనే ముందు లేచాడు.

ఆ తర్వాత సూపర్విజన్‌కు ఆమె సంతోషంగా వచ్చింది. రికార్డు చూస్తే వేళ సరిగ్గా యాభై. కానీ పన్నెండు సెషన్ల ఒప్పందంలో ఎనిమిది అయిపోయాయి, నాలుగే మిగిలాయని ఆయనతో ఇంకా అనలేదు. ఎందుకు అనలేదని అడిగితే, "ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నారు కదా మేడమ్" అంది. ఆ రోజు నోట్స్‌లో మొదటి లైను అదే రాశాను: వచ్చే సెషన్ మొదట్లోనే చెప్పాలి, చివర్లో కాదు.