సోషియాలజీ ఆప్షనల్‌లో ‘ఎవాల్యుయేట్’ ప్రశ్న: మొదటి మూడు వాక్యాలు, చివరి మూడు వాక్యాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి తెలుగులో సివిల్స్ మెయిన్స్ రాయాలనుకునే మిత్రుల కోసం ఇది. పేపర్లో ప్రశ్న హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉంటుంది, జవాబు మాత్రం మనం తెలుగులో రాస్తాం. అందుకే ‘ఎవాల్యుయేట్’ అన్న మాట కనిపించగానే దాన్ని ముందు మనసులో తెలుగు చేసుకోవాలి. చాలామంది దాన్ని ‘చర్చించండి’ అనుకుని సగం పేజీ మంచి, సగం పేజీ చెడు రాసేసి, చివర్లో ‘రెండూ ఉన్నాయి’ అంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపరు దిద్దే మాస్టారు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ఏ లెక్కన మార్కులు వేయాలో ముందే అనుకుంటారు, ఆ లెక్కతో దిద్దుతారు, చివరికి ఒక అంకె వేస్తారు. ఎవాల్యుయేట్ అంటే అదే పని. ఆ కొలమానం పరిచయంలో కనపడాలి, ఆ అంకె ముగింపులో కనపడాలి.

ఒక్క ప్రశ్న తీసుకుని చివరిదాకా చూద్దాం. కులంలో చలనశీలతను అర్థం చేసుకోవడానికి ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ భావన ఎంతవరకు సరిపోతుంది, మూల్యాంకనం చేయండి. 20 మార్కులు. మూడు గంటల్లో 250 మార్కులు రాయాలి కాబట్టి దీనికి మన చేతిలో ఉండేది సుమారు 14 నిమిషాలు. అందులో రెండు నిమిషాలు పెన్సిల్‌తో ప్లాన్‌కు పోనివ్వండి. ఆ ప్లాన్‌లో మొదట రాయాల్సింది ముగింపు వాక్యం. తీర్పు ఏమిటో తెలియకుండా పరిచయం మొదలుపెడితే అది ఇలా వస్తుంది:

‘భారతదేశం అనేక కులాల సమాహారం. ఎం.ఎన్. శ్రీనివాస్ ప్రముఖ సామాజిక శాస్త్రవేత్త. ఆయన సంస్కృతీకరణ భావనను ప్రతిపాదించారు. దాని బలాలు, లోపాలు ఇప్పుడు చూద్దాం.’

ఇందులో శ్రీనివాస్ పేరు తీసి ఘుర్యే పేరు, సంస్కృతీకరణ తీసి ఇంకో భావన పెట్టినా వాక్యాలు అలాగే నిలబడతాయి. అలా నిలబడ్డాయంటే అది ఈ ప్రశ్నకు రాసిన పరిచయం కాదు.

మంచి పరిచయంలో మూడు పనులు జరగాలి. ఒకటి, ఆ భావన సరిగ్గా ఏమంటుందో చెప్పడం. రెండు, దేనితో కొలుస్తున్నామో చెప్పడం. మూడు, కొలిస్తే ఎంత తేలిందో ఒక్క వాక్యంలో చెప్పడం. మొదటి పనిలోనే ఎక్కువమంది జారిపోతారు, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం. 1952లో కొడగు మీద రాసిన పుస్తకంలో శ్రీనివాస్ చెప్పింది ఇది: కింది కులం మాంసం, మద్యం మాని, బ్రాహ్మణ ఆచారాలు పాటించి, ఒకటి రెండు తరాల్లో పైస్థానానికి చేరుకోగలిగేది. 1966 నాటికి ఆయనే నిర్వచనం మార్చారు. అనుసరించేది బ్రాహ్మణులనే కాదు, ఏ పైకులాన్నైనా, తరచుగా ద్విజ కులాన్ని. అనుసరించేవి కులాలే కాదు, గిరిజన సమూహాలు కూడా. ఇప్పుడు పరిచయంలో 1952 నిర్వచనం పెట్టి, కింద ‘అందరూ బ్రాహ్మణులనే అనుకరించరు, ఆధిపత్య కులాన్ని కూడా అనుకరిస్తారు’ అని విమర్శ రాస్తే, అది శ్రీనివాస్ తానే సరిదిద్దుకున్న విషయాన్ని ఆయన మీదికే విసిరినట్టు. అలాంటి విమర్శ దిద్దేవారి దగ్గర నిలవదు. అందుకే సవరించిన నిర్వచనాన్నే తీసుకుని, దాని మీద కూడా నిలిచే విమర్శ ఎంచుకోండి.

రాసి చూపిస్తాను:

‘కింది కులం లేదా గిరిజన సమూహం ఒక పైకులపు ఆచారాలను, జీవన విధానాన్ని అనుసరించి, పైస్థానం తనదని చెప్పుకునే ప్రక్రియను శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. ఈ భావన చలనం ఏ రూపంలో జరుగుతుందో మాత్రమే చెబుతుందా, ఎందుకు జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో కూడా చెబుతుందా అన్నది ఇక్కడ కొలమానం. ఆ కొలమానంతో చూస్తే రూపాన్ని ఇది బాగా పట్టుకుంటుంది గానీ, కారణాన్ని, హద్దును వివరించలేకపోతుంది.’

మూడే వాక్యాలు. రూపం, కారణం, హద్దు అన్న మూడు మాటలు కింద మూడు పేరాలవుతాయి. పరిచయం బాగుందో లేదో తేల్చే గుర్తు ఇదే: దాన్ని చదివి జవాబులో ఎన్ని పేరాలుంటాయో, ఏ వరుసలో ఉంటాయో ఎవరైనా చెప్పగలగాలి.

మధ్య భాగం గురించి ఎక్కువ చెప్పను. కానీ ఉదాహరణ మన పక్కనే ఉంది. గజపతి జిల్లాకు ఆనుకుని ఉన్న కంధమాల్‌లోని బిసిపారా గ్రామం మీద ఎఫ్.జి. బెయిలీ 1957లో పుస్తకం వెలువరించారు. అక్కడ సారా వ్యాపారం చేసే సొండి కులానికి ముందు డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో భూమి వచ్చింది, ఆ తర్వాత ఆచారాలు మార్చుకుని పైకి వెళ్లారు. అంటే కారణం సంస్కృతీకరణ బయట ఉంది. అదే ఊళ్లో అంటరానివారిగా చూసిన పాణోలు ఆర్థికంగా కొంత పుంజుకున్నా, ఆచారాలు మార్చుకున్నా అంటరానితనపు గీత దాటలేకపోయారు. అదే హద్దు. ఒక్క ఊరితో మన కొలమానంలోని రెండు భాగాలు తేలిపోయాయి.

ఇక ముగింపు. ఇక్కడ జనరల్ స్టడీస్ అలవాటు దెబ్బతీస్తుంది. ‘ప్రభుత్వం విద్య, అవగాహన పెంచి కులరహిత సమాజం సాధించాలి’ అని రాస్తారు. ప్రశ్న అడిగింది ఒక భావన గురించి, ప్రభుత్వం ఏం చేయాలని కాదు. రెండో పొరపాటు, మధ్యలో చోటు దొరకని మరో విమర్శకుడి పేరు తెచ్చి ముగింపులో దూర్చడం. దానికి రుజువు చూపే చోటు అక్కడ ఉండదు, పైగా తీర్పు పలచబడుతుంది. మూడోది, పరిచయంలోని వాక్యాన్నే మళ్లీ రాయడం. పరిచయంలో ‘కారణాన్ని వివరించలేకపోతుంది’ అన్నాం. ముగింపుకు వచ్చేసరికి రుజువు చేతిలో ఉంది కాబట్టి అదే తీర్పు ఇంకా కచ్చితంగా, షరతుతో రావాలి:

‘కాబట్టి డబ్బు, భూమి దక్కిన కులం ఆ బలాన్ని గౌరవంగా ఎలా మార్చుకుంటుందో చెప్పడానికి సంస్కృతీకరణ సరిపోతుంది. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి సరిపోదు, అంటరానితనపు గీత దగ్గర అసలు పనిచేయదు. శ్రీనివాసే ఒప్పుకున్నట్టు ఇది నిచ్చెన మీద స్థానాల మార్పే గానీ నిచ్చెన మార్పు కాదు. అందువల్ల దీన్ని భూమి, అధికారాల విశ్లేషణతో కలిపి వాడినప్పుడే చలనశీలతకు వివరణ అవుతుంది.’

నాలుగో వాక్యానికి టైం లేకపోతే వదిలేయండి. మొదటి రెండూ మాత్రం ఉండాలి, ‘ఎంతవరకు’ అన్న మాటకు జవాబు వాటిలోనే ఉంది.

భాష సంగతి ఒక్కటి. తెలుగు పదాలు విభక్తులను కలుపుకుని పోతాయి కాబట్టి అదే విషయం ఇంగ్లిష్ కన్నా తక్కువ పదాల్లో పూర్తవుతుంది. 150 పదాలన్నారని లెక్కపెట్టి, పరిచయాన్ని సాగదీయొద్దు. సంస్కృతీకరణ, చలనశీలత లాంటి పారిభాషిక పదాల పక్కన ఇంగ్లిష్ మాటను బ్రాకెట్‌లో ఇవ్వడానికి కమిషన్ అనుమతి ఉంది. మొదటిసారి వచ్చిన చోట ఇస్తే చాలు.

10 మార్కుల ప్రశ్న అయితే చేతిలో ఏడు నిమిషాలే. అప్పుడు నిర్వచనం, కొలమానం కలిపి ఒక్క వాక్యం చేయండి, తీర్పును ముగింపుకే ఉంచండి. పై ప్రశ్నకైతే ఆ వాక్యం ఇలా ఉంటుంది: ‘పైకులపు ఆచారాలు అనుసరించి పైస్థానం చెప్పుకోవడమే సంస్కృతీకరణ అయితే, ఆ స్థానం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదాన్ని బట్టి దాని విలువ తేల్చాలి.’