94 దగ్గర ఆగిపోయిన వేగం

డల్లాస్‌లోని మా ఆఫీసు వారిని ఒప్పించి, ఒక నెల పాటు గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి నుంచే పని చేయడానికి వచ్చాను. అక్కడి పగలంతా నాకు ఇక్కడ రాత్రి. ఇంటికి 200 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నప్పటికీ, వెనుక గదిలో కేబుల్ తగిలించిన నా ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 90కి కాస్త అటూ ఇటూగానే ఆగేది. నాన్నగారు ఇంటర్నెట్ వాళ్లకు రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడారు గానీ, "మా లైను బాగానే ఉందండీ" అన్నదే వాళ్ల సమాధానం.

స్పీడ్ టెస్ట్ మన గది నుంచి ఎక్కడో ఉన్న సర్వరు దాకా దారినంతటినీ కలిపి కొలుస్తుంది కనుక, అడ్డంకి ఇంట్లో ఉందో వీధిలో ఉందో అది చెప్పలేదు. ఆ రెంటినీ విడదీయడానికి ఉద్యోగంలో నేను ముందుగా వాడేది ఐపెర్ఫ్. ఇది ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్యనే డేటాను పంపి కొలుస్తుంది కాబట్టి ఇంటర్నెట్ ప్రమేయం ఉండదు. హాల్లో రౌటరుకు పొట్టి కేబుల్‌తో కలిపి ఉన్న తమ్ముడి కంప్యూటరులో మొదటి కమాండ్‌ను, నా ల్యాప్‌టాప్‌లో తక్కిన రెంటినీ ఇచ్చాను.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.20
iperf3 -c 192.168.1.20 -R
```

మొదట అసలు కనెక్టే కాలేదు. 192.168.1.20 అన్నది తమ్ముడి కంప్యూటరు చిరునామా. అందులోని విండోస్ ఫైర్‌వాల్ ఐపెర్ఫ్ వాడే 5201 పోర్టును ఆపుతోందని చూసి అనుమతి ఇచ్చాము. మామూలుగా క్లయింటు, అంటే ఇక్కడ నా ల్యాప్‌టాప్, పంపుతుంది. సర్వరు, అంటే తమ్ముడి కంప్యూటరు, అందుకుంటుంది. `-R` ఆ దిశను తిప్పుతుంది. రెండు దిశల్లోనూ, పది సెకన్ల పాటూ, అంకె 94 నుంచి కదలలేదు. వైఫైలో అయితే అంకెలు ఊగుతాయి. ఇలా కదలకుండా నిలిచిందంటే పైన ఏదో కప్పు ఉన్నట్టే, పైగా 100 ఎంబీపీఎస్ లింకులో ప్రతి ప్యాకెట్‌తో పాటు వెళ్లే హెడర్ల ఖర్చు పోగా మిగిలేది సరిగ్గా అంతే. విండోస్‌లో ఈథర్‌నెట్ లింకు వేగం చూస్తే 100/100 అనే ఉంది.

ల్యాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి, రౌటరుకు మరో పొట్టి కేబుల్‌తో తగిలిస్తే ఐపెర్ఫ్ 940 చూపింది. దోషం వెనుక గదికి వెళ్లే కేబుల్‌దేనని తేలిపోయింది. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100కు రెండు జతలు చాలు. గుమ్మం పక్కన క్లిప్పు కొట్టినప్పుడు మేకు కేబుల్‌లోకి దిగి ఒక తీగను తెంపింది. ఇంటర్నెట్ ఆగకుండా వస్తూనే ఉండటం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు.

ఐపెర్ఫ్‌లో 940 వచ్చి, స్పీడ్ టెస్ట్‌లో మాత్రం 90 వస్తే అప్పుడు లైనును అనుమానించవచ్చు. అయినా ఈ కొలత రౌటరులో ఇంటి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్ భాగం మీదుగా మాత్రమే వెళ్తుంది కనుక, ఇంటర్నెట్ వైపు పంపే పనిలో రౌటరే నెమ్మదిస్తే ఇందులో కనబడదు. ల్యాప్‌టాప్‌ను రౌటరుకు నేరుగా తగిలించి చేసిన స్పీడ్ టెస్ట్‌లోనూ తక్కువే వస్తే, నింద లైనుదో రౌటరుదో ఇంకా తేల్చుకోవాల్సిందే. మా విషయంలో అంత దూరం వెళ్లనక్కరలేకపోయింది. కొత్త కేబుల్ లాగాక వెనుక గదిలో స్పీడ్ టెస్ట్ 196 చూపింది. నాన్నగారు మూడోసారి ఫోన్ చేయలేదు.