కాస్ట్ షీట్ పోయింది, శాతాలు మిగిలాయి: చీమకుర్తి లెక్క ఒకటి

చీమకుర్తిలో గ్రానైట్ పలకలు పాలిష్ చేసి అమ్మే చిన్న యూనిట్ అది. కంప్యూటర్ చెడిపోవడంతో ఒక నెల కాస్ట్ షీట్ దొరకకుండా పోయింది. అమ్మకాల రిజిస్టరు, స్టాకు లెక్క, ఓనరు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్న శాతాలు మాత్రం నా చేతికి వచ్చాయి. ఇలాంటప్పుడు పైనుంచి కిందికి లెక్క రాదు. అమ్మకం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పొరా తీసుకుంటూ వెనక్కి నడవాలి.

జీఎస్టీ తీసేశాక అమ్మకం 30,00,000. లాభం 20 శాతం అని నోట్‌బుక్‌లో ఉంది గానీ, దేని మీదో రాయలేదు. అడిగితే ఓనరు, "అమ్మకం మీదేనండీ, ఖర్చు మీద ఎవరు వేసుకుంటారు!" అన్నారు. చాలామంది వేసుకుంటారు, అందుకే అడగాలి. అమ్మకం మీద 20 అంటే లాభం 6,00,000, అమ్మకాల మొత్తం ఖర్చు 24,00,000. అందులోంచి బిల్లులున్న అమ్మకపు ఖర్చులు 1,50,000 తీస్తే అమ్మిన సరుకు ఖర్చు 22,50,000.

తర్వాత తయారైన పలకల స్టాకు. వెనక్కి వెళ్తున్నాం కాబట్టి ఇక్కడ గుర్తులు తిరగబడతాయి: నెలాఖరు స్టాకు 2,40,000 కలపాలి, నెల మొదటి స్టాకు 2,85,000 తీసేయాలి. ఉత్పత్తి ఖర్చు 22,05,000 తేలింది. ఈ రెండు స్టాకులూ ఉత్పత్తి ఖర్చు ధరలోనే ఉండాలి. అమ్మకం ధరకు రాసి ఉంటే ముందు దాన్ని సరిచేయకుండా అడుగు వేయకూడదు.

బ్లాకులు, కూలి, కోత ఛార్జీలు కలిపితే ప్రైమ్ కాస్ట్. నోట్‌బుక్ ప్రకారం ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ అందులో 20 శాతం, ఆఫీసు ఓవర్‌హెడ్ ఫ్యాక్టరీ కాస్ట్‌లో 5 శాతం. 20కి 5 కలిపి 1.25తో భాగించాలని చెయ్యి లాగుతుంది. కానీ ప్రైమ్ కాస్ట్ 100 అనుకుంటే ఫ్యాక్టరీ కాస్ట్ 120, ఆ 5 శాతం పడేది ఈ 120 మీద. కాబట్టి 1.20ని 1.05తో గుణించి, వచ్చిన 1.26తో భాగించాలి. ప్రైమ్ కాస్ట్ సరిగ్గా 17,50,000. 1.25 వాడితే 17,64,000 వస్తుంది. తేడా చిన్నది కాబట్టి పైసల సర్దుబాటు అనుకుని వదిలేస్తారు, అదే ప్రమాదం.

ప్రైమ్ కాస్ట్‌లో కూలి 16 శాతం, బయట కోయించిన గ్యాంగ్‌సా ఛార్జీలు 8 శాతం. అంటే 2,80,000, 1,40,000. మిగిలిన 13,30,000 వాడిన బ్లాకుల విలువ. బ్లాకుల స్టాకు మొదట్లో 3,20,000, చివర్లో 2,60,000. కాబట్టి కొనుగోళ్లు 12,70,000 ఉండాలి.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతే ఆ షీట్‌ను నేను నమ్మను. శాతాలు తప్పుగా పట్టుకున్నా ఏదో ఒక జవాబు వచ్చేస్తుంది. లెక్కలో ఇంతవరకూ వాడని కాగితంతో సరిచూడాలి. అమ్మినవాళ్లు దాఖలు చేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే GSTR-2B లో ఆ నెల బ్లాకుల కొనుగోలు, పన్ను కాకుండా, 12,10,000. బ్లాకులు తెచ్చిన లారీ బాడుగ వోచర్లు 60,000. రెండూ కలిస్తే 12,70,000.

లాభం ఖర్చు మీద 20 అని వేసి ఉంటే ఏమయ్యేదో కూడా నడిపి చూశాను. మొత్తం ఖర్చు 25,00,000 అయి, అదే దారిలో కొనుగోళ్లు 13,30,317 తేలాయి. అసలు కన్నా సుమారు 60,000 ఎక్కువ, అంటే లారీ బాడుగ అంత! తొందరలో ఉన్నవాళ్లు బాడుగ రెండోసారి కలిపి "కుదిరింది" అనేస్తారు. అందుకే ఒక్క సరిచూపు చాలదు. మస్టర్ రోల్ తీస్తే కూలి 2,80,000 ఉంది, ఆ తప్పుదారిలో మాత్రం 2,92,698 వస్తోంది. బాడుగ ఎన్నిసార్లు కలిపినా కూలి లెక్క మారదు కదా.

ఒక పరిమితి ఉంది. 20 శాతం ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ అనేది షీట్‌లో వేసుకునే రేటే, నిజంగా అయిన ఖర్చు కాదు. ఇక్కడ అది 3,50,000. కరెంటు బిల్లు, పాలిష్ రాళ్లు, మరమ్మతులు కలిపి చూస్తే 3,72,000 అయింది. ఈ 22,000 కోసం శాతాన్ని సాగదీసి ప్రైమ్ కాస్ట్ తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అలా చేస్తే కుదిరిన కూలి, కొనుగోళ్లు రెండూ చెదిరిపోతాయి. షీట్‌లో 3,50,000 అలాగే ఉంచి, తక్కువ పడిన 22,000ను కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు రాశాను.